పోయినవాళ్ళూ వచ్చినవాళ్ళూ ఒకరే

ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి పై అంతస్తులో మా ఆఫీసు. చేపల బోట్ల యజమానులకి మేం ఒక ఫోన్ యాప్ అమ్ముతాం. ఏ వేటకి డీజిల్ ఎంత పట్టింది, ఐస్ ఎంత వేశారు, సరుకు ఎంతకి పోయింది, బోటు మీద పనిచేసే కళాసీలకి వాటా ఎంత వస్తుంది, అన్నీ అందులోనే చూసుకోవచ్చు. బోటుకి నెలకి ఇంత అని చందా. అక్కడ ఫైనాన్స్ చూసేది నేనే. మాది ఎలమంచిలి దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. సముద్రం గురించి నాకు తెలిసింది ఈ ఉద్యోగంలోకి వచ్చాకే.

ప్రతి నెలా మొదటి సోమవారం నేను ఒక చార్టు చూపించాలి. ఆఫీసులో దాన్ని అందరూ బ్రిడ్జి అంటారు. కిందటి నెల చివర్లో మనకి నెలనెలా వచ్చే చందా ఎంతో అది ఎడమ పక్క ఒక కడ్డీ. ఈ నెల చివర్లో ఎంతో అది కుడి పక్క ఇంకో కడ్డీ. ఆ రెండింటి మధ్యా ఏం జరిగిందో చెప్పడానికి నాలుగు కడ్డీలు. కొత్తగా చేరినవాళ్ళది ఒకటి. ఉన్నవాళ్ళే ఇంకో బోటు కలిపితేనో పెద్ద ప్లాన్‌కి మారితేనో వచ్చే పెరుగుదల ఒకటి. ఉన్నవాళ్ళే బోటు తగ్గించుకుంటేనో తక్కువ ధరకి దిగితేనో వచ్చే తగ్గుదల ఒకటి. పూర్తిగా మానేసినవాళ్ళ వల్ల పోయింది ఒకటి, దాన్నే చర్న్ అంటారు. ఎడమ పక్క కడ్డీకి మొదటి రెండూ కలిపి, తర్వాతి రెండూ తీసేస్తే కుడి పక్క కడ్డీ తేలాలి. వేట నిషేధం ఉన్న రోజుల్లో సగం చందా తీసుకుంటాం కాబట్టి ఆ నెలల్లో తగ్గుదల పెద్దదిగా కనిపిస్తుంది, బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాక అదే పెరుగుదలగా వస్తుంది. దాన్ని చూసి ఎవరూ కంగారు పడరు.

కంగారు పడింది వానాకాలం ముగిసిన తర్వాత. బోట్లన్నీ తిరుగుతున్నాయి, చేప పడుతోంది, అయినా చర్న్ కడ్డీ నెలనెలా పొడుగవుతోంది. దాని పక్కనే కొత్తవాళ్ళ కడ్డీ కూడా పెరుగుతోంది. ఒక ఎర్ర కడ్డీ, ఒక ఆకుపచ్చ కడ్డీ, రెండూ పోటీ పడుతున్నట్టు.

ఆ సోమవారం మా సేల్స్ హెడ్ లేచి తెర దగ్గరికి వెళ్ళాడు. హైదరాబాదులో పెద్ద కంపెనీలో చేసి వచ్చినవాడు. మాట చాలా మెత్తన. ఆకుపచ్చ కడ్డీ మీద చెయ్యి పెట్టి, "ఇది మా పని" అన్నాడు. ఎర్ర కడ్డీ మీద పెట్టి, "ఇది వాళ్ళ పని. మేం తెచ్చి చేతిలో పెడుతున్నాం, వాళ్ళు నిలబెట్టుకోలేకపోతున్నారు. ఇంకా ఎన్ని నెలలు చూద్దాం?" అన్నాడు.

వాళ్ళు అంటే సపోర్ట్ టీమ్. మూల గదిలో హెడ్‌సెట్లు పెట్టుకుని కూర్చునే ఆడపిల్లలు. ఎక్కువమంది జాలరిపేట వైపు నుంచి వస్తారు. బోటు యజమానులతో వాళ్ళ భాషలో మాట్లాడగలిగేది ఆఫీసు మొత్తంలో ఆ గదివాళ్ళే. ఆ టీమ్‌ని నడిపే ఆమె నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. వాళ్ళ నాన్న ఇప్పటికీ వేటకి వెళ్తాడు. ఆ రోజు మీటింగులో ఆమె తల ఎత్తకుండా పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

కంపెనీ పెట్టిన మా బాస్ కాసేపు చార్టు చూసి, "సగం మందితో నడపగలమా?" అని అడిగాడు. ఎవర్ని అడిగాడో తెలీదు. సేల్స్ హెడ్ జవాబు చెప్పేశాడు. "ఫోన్లు ఎత్తడానికి బయట ఏజెన్సీలు ఉన్నాయి సార్. చాలా తక్కువకి చేస్తారు."

నా ఒళ్ళు మండిపోయింది. ఆ చార్టు చేసింది నేను. ఒక్కో కడ్డీ సరి చూసి, మొదలు నుంచి చివరికి లెక్క తేలేదాకా కూర్చున్నదాన్ని నేను. దాన్ని కర్రలా చేతిలో పట్టుకుని ఇంకొకరి వీపు మీద కొడుతుంటే చూస్తూ ఉండాల్సి వచ్చింది. పైగా అందులో తప్పేమిటో ఆ నిమిషాన చెప్పలేకపోయాను. అంకెలన్నీ సరిపోయాయి.

మీటింగయ్యాక ఆమె వెనకాలే మూల గదికి వెళ్ళాను. కుర్చీ లాక్కుని కూర్చుని సూటిగా అడిగాను. "ఇంతమంది ఎందుకు మానేస్తున్నారు? మీకు ఏమైనా చెప్తున్నారా?"

ఆమె నా వైపు చూసిన చూపులో నా మీద కూడా కోపం ఉంది. "ఎవులు మానీసినారక్కా? నీ కాయితంలో మానీసినోళ్ళు మాకు రోజూ ఫోన్ సేత్తనే ఉన్నారు. యాప్ ఓపెనవట్లేదని, కళాసీ వాటా తప్పు సూపిత్తందని. మానీసినోళ్ళు ఫోనెందుకు సేత్తారు?"

"మరి ఆ మాట అక్కడెందుకు అనలేదు?"

"అంటే ఇంటారేటి? ఆయన ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాటాడితే మీరందరూ తలాడించినారు. నువ్వూ ఆడించినావు."

నేను తల ఆడించలేదు. కానీ నోరు కూడా తెరవలేదు. ఆ గదిలో కూర్చున్నవాళ్ళకి రెండూ ఒకటే.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాం. నా లెక్కలో పోయినవాళ్ళ కింద ఉన్న ఒక యజమాని పేరు ఆమెకి బాగా తెలుసు. వాళ్ళకి దూరపు చుట్టం, ఆమె ఆయన్ని పెదనాన్నా అంటుంది. మూడు బోట్లు ఉన్నాయి ఆయనకి. మేం వెళ్ళేసరికి వేలం సద్దుమణిగి, ఆడవాళ్ళు చేపల బుట్టలు ఆటోలకి ఎక్కిస్తున్నారు. ఆయన గట్టు మీద వల బాగుచేసేవాళ్ళ దగ్గర నిలబడి ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాడు. చూస్తున్నది మా యాప్‌నే.

"పెదనాన్నా, నువ్వు మా దగ్గిర మానీసినావంట కదా" అంది ఆమె.

"నానెందుకు మానేత్తాను? ఇదిగో, సూత్తన్నాను కాదేటి." ఫోన్ మా ముందుకి చాపాడు. మూడు బోట్లూ ఉన్నాయి. పొద్దున దిగిన సరుకు అప్పుడే ఎక్కించి ఉంది. ఖాతా పేరు దగ్గర మాత్రం ఆడ పేరు ఉంది.

"ఈ పేరెవరిది?" అన్నాను.

"మా ఆడదాందమ్మా. మీ ఆపీసు నుంచి ఒకాయన వొచ్చినాడు, మాట సానా మెత్తన. పాతది తీసీసి, మీ ఆవిడ పేరు మీద కొత్తది రాసీసుకుంటే రేటు బాగా తగ్గిపోద్దని సెప్పినాడు. ఆధార్ కార్డు అడిగినాడు, ఇచ్చీసినాను. ఆయనే ఫోన్‌లో అన్నీ నొక్కీసినాడు." ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు. "ఏటమ్మా, తప్పేటన్నా ఉందేటి?"

"మీ తప్పేమీ లేదండి" అన్నాను.

"నా ఒక్కడిదే కాదు. ఈ జెట్టీలో సానామందికి అలాగే సేసినాడు. మా బావమరిది అడిగితే మాత్రం, ఇంకొన్నాళ్ళు ఆగమన్నాడంట."

గట్టు మీద నిలబడి మనసులోనే లెక్క వేసుకున్నాను. ఆయన మూడు బోట్లకి అంతకు ముందు నెలకి ఆరు వేలు కట్టేవాడు. ఇప్పుడు భార్య పేరు మీద మూడు వేల ఆరు వందలు కడుతున్నాడు. అంటే జరిగింది ఒకటే. మనిషి అదే, బోట్లు అవే, చందా రెండు వేల నాలుగు వందలు తగ్గింది. అది తగ్గుదల కడ్డీలో పడాలి. నా చార్టులో మాత్రం ఆరు వేలు పోయిన కడ్డీలో పడింది, మూడు వేల ఆరు వందలు కొత్త కడ్డీలో పడింది. రెండు రకాలుగా చూసినా చివరికి తేలేది అదే అంకె. అందుకే నా లెక్క ఎక్కడా తప్పు చూపించలేదు. మొదలూ చివరా సరిపోతే ఇంకేం వెతకాలని నేనూ వెతకలేదు, ఎవరూ వెతకలేదు.

మా కంపెనీలో సేల్స్ వాళ్ళకి కమీషన్ కొత్త ఖాతాల మీదే వస్తుంది. ఉన్న ఖాతాలో బోటు పెరిగినా తగ్గినా వాళ్ళకి ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. పోయిన ఖాతా మాత్రం సపోర్ట్ టీమ్ నెత్తిన పడుతుంది, వాళ్ళ బోనస్ అందులోంచే కోస్తారు. ఆ మెత్తని మాటల మనిషి మన కస్టమర్‌నే మన దగ్గర్నుంచి తీసుకుని, ధర దించి, మనకే కొత్తగా అమ్మి, ఆ పోయిన దానికి ఆడపిల్లల్ని వేలెత్తి చూపించాడు. ఆటోలో తిరిగొస్తున్నంతసేపూ ఆమె పక్కన బయటికి చూస్తూ కూర్చుంది. "నాకు ఏడుపు రావట్లేదక్కా, కొట్టాలనుంది" అంది. నాక్కూడా అంతే.

ఆఫీసుకి వచ్చి పని మొదలుపెట్టాను. అంతవరకూ ఖాతా నంబరుని బట్టి కస్టమర్‌ని గుర్తుపట్టేదాన్ని. ఇప్పుడు దాన్ని వదిలేసి బోటు రిజిస్ట్రేషన్ నంబరు తీసుకున్నాను. ఖాతా భార్య పేరు మీదికి మారుతుంది, తమ్ముడి పేరు మీదికి మారుతుంది, బోటు నంబరు మాత్రం మారదు. పోయినవాళ్ళ బోట్లని, కొత్తగా వచ్చినవాళ్ళ బోట్లతో నెలనెలా పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే నెలలో రెండు చోట్లా కనిపించిన బోట్లు వరసగా తేలుతూ పోయాయి. వాటన్నిటినీ ఒకే కస్టమర్ కింద కలిపి, ధర తగ్గిన మేరకు తగ్గుదలలోకి మార్చాను.

కొత్త చార్టులో ఎర్ర కడ్డీ కుదించుకుపోయింది. నిజంగా మానేసినవాళ్ళు కొద్దిమందే: బోటు అమ్మేసినవాళ్ళూ, యజమాని పోతే వ్యాపారం మానేసిన పిల్లలూ. ఆకుపచ్చ కడ్డీ కూడా అలాగే కుదించుకుపోయింది. తగ్గుదల కడ్డీ మాత్రం అంతకు ముందు లేనంత పెద్దదైంది. మొదటి కడ్డీ, చివరి కడ్డీ ఒక్క రూపాయి కూడా కదల్లేదు.

దాన్ని తీసుకుని బాస్ గదిలోకి వెళ్ళాను. సేల్స్ హెడ్‌ని కూడా పిలిపించమన్నాను. చాటుగా చెప్పడం నాకు ఇష్టం లేదు.

సేల్స్ హెడ్ చార్టు చూశాడు. మొహంలో ఏమీ మారలేదు. "ఇది రీ-సైనింగ్. మానేద్దామనుకున్నవాళ్ళని వెనక్కి తెచ్చాం. దాన్ని కొత్త అమ్మకం అనే అంటారు" అన్నాడు.

"మానేద్దామని ఎవరన్నారు? ఒక్కరి పేరు చెప్పండి. హార్బర్‌కి వెళ్దాం, మీ ఎదురుగానే అడుగుతాను" అన్నాను.

"మేడమ్, మీరు అకౌంట్స్ మనిషి. ఫీల్డు వేరు."

"ఫీల్డుకి వెళ్ళే వచ్చాను. భార్య ఆధార్ కార్డుతో ఖాతా తెరిపించి, మొగుడు మానేశాడని నాకు లెక్క ఇచ్చారు. దీన్ని ఫీల్డు అనరు."

నా గొంతు పెరిగిందని నాకే తెలిసింది. అద్దం గోడకి అవతల మూల గదిలో పిల్లలు తలలు ఎత్తి చూస్తున్నారు. బాస్ చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. సేల్స్ హెడ్‌ని బయటికి పంపించాడు. తలుపు వేసుకున్నాక అడిగిన మొదటి ప్రశ్న నేను ఈ జన్మలో మర్చిపోలేను.

"మొత్తంలో తేడా ఏం లేదు కదా?"

"లేదు."

"మరి వచ్చే వారం ఇన్వెస్టర్లు వస్తున్నారు. ఈ నెలకి పాతదే ఉంచుదాం. వచ్చే నెల నుంచి మీరన్నట్టే మారుద్దాం."

ఆయన చెడ్డవాడు కాదు. జీతం ఒక్క నెల కూడా ఆపలేదు, ఆయన జేబులోంచి ఇచ్చిన నెలలు కూడా ఉన్నాయి. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళు నా మీద లేవు, చార్టు మీదా లేవు. బయట ఫ్లై ఓవర్ వైపు చూస్తున్నాడు.

"ఇన్వెస్టర్లు చూసేది మొత్తాన్ని కాదు సార్" అన్నాను. "కొత్తవాళ్ళు ఇంత వేగంగా వస్తున్నారు కాబట్టి సేల్స్ మీద ఇంకా డబ్బు పెట్టచ్చని వాళ్ళు అనుకుంటారు. ఆ కొత్తవాళ్ళలో సగం మంది మన పాతవాళ్ళే. ఎవరు పోతున్నారో అడుగుతారు. ఎవరూ పోవట్లేదు, మనమే ధర దించేసుకుంటున్నాం. రెండూ వేరు వేరు జబ్బులు. మందు కూడా వేరు. లేని జబ్బుకి మందని మీరు ఆ పిల్లల్ని తీసేస్తున్నారు."

"తీసేయాలని నేనింకా నిర్ణయించలేదు."

"ఇద్దరికి చెప్పేశారు."

ఆయన ఒక్కసారి నా వైపు తిరిగాడు. ఆ సంగతి ఆయనకి తెలియదు. సేల్స్ హెడ్ సోమవారం సాయంత్రమే మూల గదికి వెళ్ళి, నెలాఖరు తర్వాత రావద్దని ఇద్దరికి చెప్పేశాడు. తన టీమ్ కూడా కాదు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి చెప్పాడు, అంతే.

"పాత చార్టు మీద నా పేరు ఉండదు సార్. దాన్ని నేను పంపను, నేను చూపించను. ఎవరైనా అడిగితే ఎందుకు చూపించలేదో చెప్తాను" అని లేచి వచ్చేశాను. నా బల్ల దగ్గర కూర్చుని మంచినీళ్ళు తాగాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఇంటికి ఫోన్ చేసి మా ఆయనకి చెప్తే, "పోతే పోనీ, సింహాచలం వెళ్ళి దణ్ణం పెట్టుకుని ఇంకోటి వెతుక్కుందువులే" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ధైర్యం రావాలి కదా. ఇంకా కోపం వచ్చింది. నేనెందుకు వెతుక్కోవాలి?

రెండు రోజులు బాస్ నాతో మాట్లాడలేదు. మూడో రోజు పిలిచి కొత్త చార్టే పెట్టమన్నాడు. కిందటి నెలల్లో లెక్క ఎలా మార్చామో ఒక పేజీలో రాయమన్నాడు. ఇన్వెస్టర్ల ముందు దాన్ని నేనే వివరించాను. ఒకావిడ చాలా ప్రశ్నలు అడిగింది: ఒకే బోటు మీద ఎన్ని ధరలు నడుస్తున్నాయి, తగ్గింపు ఇచ్చే అధికారం ఎవరిది, కమీషన్ లెక్క ఎవరు రాశారు. అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ బాస్‌ని చూసి, "ఈ మాట మీరు ముందే చెప్పి ఉండాల్సింది" అంది. ఆయన మొహం ఎర్రబడింది. డబ్బు అప్పుడు రాలేదు. ఆలోచించి చెప్తామన్నారు, చాలా నెలలు ఆలోచించారు.

సేల్స్ హెడ్‌ని ఎవరూ తీసెయ్యలేదు. తనంతట తానే రాజీనామా చేశాడు. కాన్ఫరెన్స్ గదిలో కేక్ కోయించారు. ఆయన వెళ్ళి ఇంకో కంపెనీలో ఇంకా పెద్ద హోదాలో చేరాడని తర్వాత విన్నాం. తీసుకున్న కమీషన్ వెనక్కి ఇవ్వలేదు. అడగడానికి మా దగ్గర కాగితం మీద ఆధారం లేదన్నాడు మా లాయరు. కొత్త అమ్మకం అంటే ఏమిటో కంపెనీలో ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు.

కమీషన్ పద్ధతి మారింది. ఇప్పుడు బోటు నంబరు పాతదైతే కొత్త ఖాతాగా ఒప్పుకోం. ధర దించాలంటే సపోర్ట్ టీమ్ నడిపే ఆమె కూడా సంతకం పెట్టాలి. కానీ జెట్టీలో ఒకరికి తక్కువ ధర ఉందని తెలిశాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? ఆ పెదనాన్న బావమరిది ఫోన్ చేసి, "మా బావకో రేటు, నాకో రేటా? ఏటిది?" అని ఆమెని గంటసేపు తిట్టాడు. అలాంటి ఫోన్లు ఆ తర్వాత వారాల తరబడి వచ్చాయి. తిట్టింది ఆ ఆడపిల్లల్నే. తిట్లు తినడానికి కూడా ఆ గదే దొరికింది. ధర తగ్గించక తప్పలేదు. తర్వాతి రెండు నెలల బ్రిడ్జిలో తగ్గుదల కడ్డీ ఇంకా కిందికి దిగింది. మీటింగులో ఎవరో, "ఇదంతా తవ్వకపోతే బాగుండేది" అని గొణిగారు. ఎవరన్నారో చూడలేదు. చూసి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలీదు.

రావద్దన్న ఇద్దరూ నెలాఖరు దాకా ఉండకుండా మర్నాటి నుంచే రావడం మానేశారు. వాళ్ళలో ఒక అమ్మాయి మళ్ళీ వచ్చి చేరింది. రెండో అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. అప్పటికే బట్టల షాపులో చేరిందట.

"రామ్మా, మళ్ళీ తీసుకుంటామంటున్నారు" అన్నాను.

"నానెందుకు రావాలి మేడమ్?" అంది. "పని రాదని సెప్పి పంపించినారు. మా ఇంట్లో, మా ఈదిలో అందరికీ అదే తెలుసు. ఇప్పుడు మీ లెక్క మారిందని వొచ్చీమంటే వొచ్చీయాలా?"

క్షమించమని అడిగితే, "మీరేటి సేసినారు, మీకెందుకు" అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాటలు విన్న రోజున నాకు వచ్చిన కోపం సేల్స్ హెడ్ మీద వచ్చినదానికంటే పెద్దది. అది ఎవరి మీదో చెప్పలేను. ఒక మనిషికి పని రాదని ముద్ర వెయ్యడానికి ఒక తప్పుడు కడ్డీ చాలు. ఆ ముద్ర చెరపడానికి మాత్రం సరైన కడ్డీ చాలదు. ఇప్పటికీ ప్రతి నెలా ఆ చార్టు నేనే చేస్తున్నాను. పోయినవాళ్ళ కడ్డీలోకి ఒక పేరు ఎక్కించే ముందు మూల గదికి వెళ్ళి, ఆ బోటువాళ్ళు ఫోన్ చేసి ఎన్నాళ్ళయిందని అడుగుతాను. టీమ్ నడిపే ఆమె చూసి చెప్తుంది. కొన్నిసార్లు అక్కడినుంచే యజమానికి ఫోన్ కలిపి, "నువ్వు నిజంగానే మానీసినావా మావా?" అని అడుగుతుంది. ఆయన అవునంటేనే రాస్తాను.